ఫోటోలో వచ్చిన బైనరీ ట్రీ: బొమ్మను సరిగా చదవడం, మూడు వరుసలు రాయడం, కొత్త సంఖ్యలు చేర్చడం

డిగ్రీ, డిప్లొమా, ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ పేపర్‌లో తరచుగా కనిపించే ప్రశ్న ఇది. ఒక బైనరీ సెర్చ్ ట్రీ బొమ్మ ఇస్తారు. ప్రీఆర్డర్, ఇన్‌ఆర్డర్, పోస్ట్‌ఆర్డర్ వరుసలు రాయమంటారు. తర్వాత మూడు నాలుగు కొత్త సంఖ్యలు ఇచ్చి వాటిని చేర్చి చూపమంటారు. ఇప్పుడు ఆ బొమ్మ చాలాసార్లు పిల్లల చేతికి ఫోటోగానే వస్తోంది. బోర్డు మీద గీసినదాన్ని పక్క బెంచీ నుంచి తీసిన ఫోటో కావచ్చు, స్నేహితుడి నోట్సు నుంచి వాట్సాప్‌లో వచ్చింది కావచ్చు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తరగతిలో పాఠం ఇంగ్లీషులో సాగుతుంది, ఇంట్లో అడిగితే చెప్పేవారు తెలుగులో చెప్పాలి. అందుకే ఇక్కడ అంతా తెలుగు మాటల్లోనే చెబుతున్నాం, పరీక్షలో రాయాల్సిన పేర్లను మాత్రం అలాగే ఉంచాం.

ఫోటోతో చిక్కు ఏమిటంటే, ఒక్క అంకెనో ఒక్క గీతనో తప్పుగా చదివితే మూడు వరుసలూ తప్పుతాయి, చేర్పులూ తప్పుతాయి. పద్ధతి పూర్తిగా వచ్చినా మార్కులు పోతాయి. కాబట్టి ముందు బొమ్మ సంగతి చూద్దాం.

ఫోటోను సాపు చేసి రాసుకుంటే మన బొమ్మ ఇలా ఉందనుకోండి.

```
            45
         /      \
       22        67
      /  \      /  \
    11    31  53    80
         /      \   /
       27       59 74
```

వంశవృక్షం గీసినట్టే ఇదీ పైనుంచి కిందికి పెరుగుతుంది. పైనున్న 45 రూట్. ఒక్కో గుండ్రం ఒక నోడ్, దానిలోని సంఖ్యను కీ అంటారు. ఏ నోడ్‌కైనా ఇద్దరికి మించి పిల్లలు ఉండరు. వంశవృక్షంలో లేని పట్టింపు ఒకటి ఇక్కడ ఉంది. ఒక్క బిడ్డే ఉన్నా ఆ బిడ్డ ఎడమ వైపా, కుడి వైపా అన్నది తేలి తీరాలి. 31 కింద 27 ఎడమన ఉండటం వేరు, కుడిన ఉండటం వేరు. ఆ రెండూ రెండు వేర్వేరు చెట్లు.

సెర్చ్ ట్రీ నియమం ఒక్కటే. ఏ నోడ్ తీసుకున్నా దాని ఎడమ పక్కన వేలాడే మొత్తం కొమ్మలోని సంఖ్యలన్నీ దానికంటే చిన్నవి, కుడి కొమ్మలోనివన్నీ దానికంటే పెద్దవి. ఇందులో ‘మొత్తం కొమ్మ’ అన్న మాటే ముఖ్యం. దాన్ని వదిలేసి తండ్రినీ బిడ్డనూ మాత్రమే పోల్చుకుంటూ పోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

ఫోటో చేతికి రాగానే ముందు నోడ్‌లు లెక్కపెట్టండి, తర్వాత గీతలు లెక్కపెట్టండి. రూట్ తప్ప ప్రతి నోడ్‌కూ పైనుంచి సరిగ్గా ఒక గీత వస్తుంది. అందుకే గీతలు ఎప్పుడూ నోడ్‌ల కంటే ఒకటి తక్కువ. మన బొమ్మలో నోడ్‌లు 10, గీతలు 9. గీతలు 10 కనిపిస్తే ఒకటి సుద్దగీతో కాగితం మడతో అయి ఉంటుంది. 8 మాత్రమే కనిపిస్తే ఒకటి చెరిగిపోయింది, లేదా ఫోటో అంచులో తెగిపోయింది.

తర్వాత ఎవరు ఎవరి బిడ్డ అన్నది. పక్క నుంచి తీసిన ఫోటోలో బొమ్మ ఒక వైపుకు ఒరుగుతుంది. మన బొమ్మలో 59, 74 రెండూ దాదాపు 67 కిందికి వచ్చేస్తాయి. నోడ్ ఎక్కడ ఉందో చూసి నిర్ణయిస్తే 59ని 67కు అంటగట్టే ప్రమాదం ఉంది. నోడ్ ఉన్న చోటును నమ్మకండి, గీత పై కొస ఏ గుండ్రానికి తగిలిందో చూడండి. ఆ కొస గుండ్రానికి ఎడమ అంచున తగిలితే ఎడమ బిడ్డ, కుడి అంచున తగిలితే కుడి బిడ్డ. 67కు ఇప్పటికే 53, 80 ఇద్దరూ ఉన్నారు కనుక మూడో బిడ్డకు చోటే లేదన్నది మరో సాక్ష్యం.

ఇక అంకెలు. 31 కింద ఉన్నది 27 కావచ్చు, 21లా కూడా కనిపించవచ్చు. చేతిరాతలో 7కూ 1కీ తేడా చిన్న కొక్కెమే. తండ్రితో మాత్రమే పోలిస్తే రెండూ సరిపోతాయి, 21 కూడా 31 కంటే చిన్నదే. కానీ ఆ నోడ్ 22 కుడి కొమ్మలో ఉంది. కాబట్టి అది 22 కంటే పెద్దదై ఉండాలి, 31 కంటే చిన్నదై ఉండాలి. 21 అక్కడ ఇమడదు, 27 ఇముడుతుంది. చెట్టులో ప్రతి చోటుకూ ఇలా ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. రూట్ నుంచి దిగుతూ కుడికి తిరిగినప్పుడల్లా కింది హద్దు మారుతుంది, ఎడమకు తిరిగినప్పుడల్లా పై హద్దు మారుతుంది. 59 చోటుకు వెళ్లే దారి చూడండి. 45 దగ్గర కుడికి తిరిగాం, కింది హద్దు 45. 67 దగ్గర ఎడమకు తిరిగాం, పై హద్దు 67. 53 దగ్గర కుడికి తిరిగాం, కింది హద్దు 53కు పెరిగింది. ఆ చోట 53కూ 67కూ మధ్య సంఖ్యే ఉండాలి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. 53లోని 3 మసకగా ఉండి 58లా కనిపించిందనుకోండి. 58 కూడా 45కూ 67కూ మధ్యే ఉంటుంది, దాని కుడి బిడ్డ 59 దానికంటే పెద్దదే. చెట్టు ఏ తప్పూ చూపదు. అలాంటప్పుడు అదే ఫోటోలో అదే చేతితో రాసిన మరో 3ను చూడాలి. మన బొమ్మలో 31లో ఒకటుంది. ఆ 3 ఎలా రాశారో చూసి పోల్చుకోండి. అప్పటికీ తేలకపోతే ఊహించి రాయడం కంటే బొమ్మ పంపినవారిని ఆ ఒక్క సంఖ్య అడగడమే మంచిది. తేడా నిజంగానే పడుతుంది. ప్రశ్నలో 56 చేర్చమన్నారనుకోండి, చెట్టులో 53 ఉంటే 56 వెళ్లి 59కి ఎడమ బిడ్డ అవుతుంది, 58 ఉంటే 58కే ఎడమ బిడ్డ అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. ప్రశ్నలో ‘బైనరీ ట్రీ’ అని మాత్రమే ఉండి ‘సెర్చ్’ అన్న మాట లేకపోతే ఈ హద్దుల పరీక్ష పనికిరాదు. మామూలు బైనరీ ట్రీలో ఏ సంఖ్య ఎక్కడైనా ఉండవచ్చు. అప్పుడు గీతలూ కళ్లూ తప్ప మరో ఆధారం లేదు.

బొమ్మ తేలింది కనుక వరుసలకు వద్దాం. ట్రావర్సల్ అంటే ఒక్కో నోడ్‌ను ఒక్కసారే రాస్తూ చెట్టంతా తిరిగి రావడం. మూడింటిలోనూ ఎడమ కొమ్మ తర్వాతే కుడి కొమ్మ. మారేదల్లా నోడ్ తన సంఖ్యను ఎప్పుడు చెబుతుందన్నదే. ప్రీఆర్డర్‌లో ముందు తాను, తర్వాత ఎడమ, కుడి. ఇన్‌ఆర్డర్‌లో ఎడమ, తాను, కుడి. పోస్ట్‌ఆర్డర్‌లో ఎడమ, కుడి, చివరికి తాను. ఇంట్లో చిన్నవాళ్లకు చెప్పేటప్పుడు ‘తాను’ ఎక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకోమంటే చాలు.

పరీక్ష హాల్లో వేగంగా రాయడానికి ఒక పెన్సిల్ పద్ధతి ఉంది. రూట్ ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి, చెట్టు అంచును ఆనుకుని, ఏ కొమ్మనూ దాటకుండా చుట్టూ ఒక గీత గీసుకుంటూ రండి. ఆ గీత ప్రతి నోడ్‌నూ మూడు వైపుల నుంచి తాకుతుంది: దిగేటప్పుడు ఎడమ పక్కన, మధ్యలో అడుగున, తిరిగి ఎక్కేటప్పుడు కుడి పక్కన. ఎడమ పక్కన తాకినప్పుడల్లా సంఖ్య రాస్తే ప్రీఆర్డర్, అడుగున తాకినప్పుడు రాస్తే ఇన్‌ఆర్డర్, కుడి పక్కన తాకినప్పుడు రాస్తే పోస్ట్‌ఆర్డర్. మూడింటికీ గీత ఒక్కటే.

మన చెట్టుకు ఇన్‌ఆర్డర్‌ను నడిచి చూద్దాం. 45 తన ఎడమ కొమ్మ పూర్తయ్యేదాకా ఆగాలి, 22కూడా తన ఎడమ కోసం ఆగాలి. 11కు ఎడమన ఎవరూ లేరు కనుక మొదట 11 వస్తుంది. తర్వాత 22. ఇక 22 కుడి కొమ్మలో 31 ఉంది, దాని ఎడమన 27 ఉంది కనుక 27 ముందు, 31 తర్వాత. ఎడమ సగం అయింది, ఇప్పుడు 45. కుడి సగంలో 67 ఆగుతుంది, 53కు ఎడమన ఎవరూ లేరు కనుక 53 వచ్చేస్తుంది, దాని కుడిన ఉన్న 59 ఆ వెనకే వస్తుంది. తర్వాత 67. 80కి ఎడమన 74 ఉంది కనుక 74, ఆ తర్వాత 80. మిగతా రెండూ ఇలాగే నడిస్తే మూడు వరుసలు ఇవి:

```
Preorder : 45 22 11 31 27 67 53 59 80 74
Inorder  : 11 22 27 31 45 53 59 67 74 80
Postorder: 11 27 31 22 59 53 74 80 67 45
```

సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. మూడింటిలోనూ 10 సంఖ్యలు ఉండాలి. ప్రీఆర్డర్ రూట్‌తో మొదలవ్వాలి, పోస్ట్‌ఆర్డర్ రూట్‌తో ముగియాలి. సెర్చ్ ట్రీకి ఇన్‌ఆర్డర్ ఎప్పుడూ చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కుతూ రావాలి. ఎక్కడైనా దిగితే రెండే కారణాలు: నడకలో తప్పు జరిగింది, లేదా ఫోటో తప్పుగా చదివారు. 27ను 21గా చదివి ఉంటే వరుసలో 11, 22, 21 అని వచ్చి తప్పు అక్కడే బయటపడేది. అయితే కొందరు పిల్లలు ఇన్‌ఆర్డర్ సంఖ్యలను చెట్టు నడవకుండా నేరుగా పెంచుకుంటూ పేర్చేస్తారు. జవాబు సరిగానే వస్తుంది కానీ, ఈ పరీక్ష అక్కరకు రాకుండా పోతుంది. నడిచి రాసి, ఆ తర్వాత పెరుగుతున్నాయో లేదో చూడండి.

ఫోటో బాగాలేనప్పుడు స్నేహితుడికి చెట్టును మెసేజ్‌లో టైపు చేసి పంపాలంటే ఏ వరుస పంపాలన్న ప్రశ్న కూడా వస్తుంది. సెర్చ్ ట్రీ అయితే ప్రీఆర్డర్ ఒక్కటే చాలు. అందుకున్నవారు ఆ సంఖ్యలను అదే వరుసలో ఖాళీ చెట్టులో చేర్చుకుంటూ పోతే అదే ఆకారం తిరిగి వస్తుంది. ఇన్‌ఆర్డర్ పంపితే లాభం లేదు. అవే పది సంఖ్యలతో కట్టిన ఏ సెర్చ్ ట్రీకైనా ఇన్‌ఆర్డర్ ఒకటే. మామూలు బైనరీ ట్రీ అయితే ఇన్‌ఆర్డర్‌తో పాటు ప్రీఆర్డరో పోస్ట్‌ఆర్డరో కలిపి పంపాలి, సంఖ్యలు మళ్లీ మళ్లీ రాకూడదు. ప్రీ, పోస్ట్ రెండే పంపితే ఒంటరి బిడ్డ ఏ పక్కనుందో తెలియదు. 31 కింద 27 ఎడమనున్నా కుడినున్నా ప్రీఆర్డర్ 31, 27 గానే ఉంటుంది, పోస్ట్‌ఆర్డర్ 27, 31 గానే ఉంటుంది.

ఇప్పుడు చేర్పు. మన చెట్టులో 29, 64, 62, 78 వరసగా చేర్చాలి. పద్ధతి వెతకడం లాంటిదే. రూట్ నుంచి మొదలుపెట్టి చిన్నదైతే ఎడమకు, పెద్దదైతే కుడికి దిగాలి. వెళ్లాల్సిన చోట ఎవరూ లేకపోతే అక్కడే కొత్త నోడ్. కొత్తది ఎప్పుడూ చివర్నే అతుక్కుంటుంది. ఉన్న రెండు నోడ్‌ల మధ్య దూరదు, ఉన్నవాటిని పక్కకు నెట్టదు. 27కూ 31కీ మధ్య గీతను తెంచి 29ని అందులో ఇరికించడం జవాబు పత్రాల్లో జరిగే తప్పు.

29 నడక: 45 కంటే చిన్నది, ఎడమకు. 22 కంటే పెద్దది, కుడికి. 31 కంటే చిన్నది, ఎడమకు. 27 కంటే పెద్దది, కుడికి. అక్కడ ఖాళీ కనుక 29 వచ్చి 27కు కుడి బిడ్డ అయింది. 64 నడకలో 45 దగ్గర కుడి, 67 దగ్గర ఎడమ, 53 దగ్గర కుడి, 59 దగ్గర కుడి. అది 59కి కుడి బిడ్డ. 62 కూడా అదే దారిలో 59 దాకా వచ్చి కుడికి తిరుగుతుంది, కానీ అక్కడ ఇప్పుడు 64 కూర్చుని ఉంది. 62 దానికంటే చిన్నది కనుక దాని ఎడమకు వెళ్తుంది. 78 నడక 45, 67 దగ్గర కుడికి, 80 దగ్గర ఎడమకు, 74 దగ్గర కుడికి. 74కు కుడి బిడ్డ.

నడవకుండానే చోటు చెప్పే దారి ఒకటుంది, సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఇన్‌ఆర్డర్ వరుసలో కొత్త సంఖ్య ఏ రెండింటి మధ్య పడుతుందో చూడండి. 29 పడేది 27, 31 మధ్య. ఇన్‌ఆర్డర్‌లో పక్కపక్కనున్న రెండు సంఖ్యల్లో ఒకటి ఎప్పుడూ మరొకదాని కొమ్మలోనే కింద ఉంటుంది. ఆ కిందున్నదానికే కొత్తది బిడ్డ అవుతుంది. ఇక్కడ కిందున్నది 27, చిన్నది కూడా అదే కనుక 29 దాని కుడిన చేరింది. 64 చేరేటప్పుడు 59, 67 మధ్య 59 కిందుంది, కాబట్టి 59 కుడిన. 62 వచ్చేసరికి అది పడేది 59, 64 మధ్య. కిందున్నది 64, పెద్దదీ అదే, కాబట్టి దాని ఎడమన. పది సంఖ్యలకు ముందూ వెనుకా మధ్యలోనూ కలిపి 11 సందులుంటాయి. చెట్టులో కొత్త బిడ్డకు ఖాళీగా ఉన్న చోట్లు కూడా సరిగ్గా 11. ఒక్కో సందుకు ఒక్కో చోటు.

నాలుగూ చేరాక చెట్టు, దాని వరుసలు ఇలా ఉంటాయి.

```
             45
          /      \
       22          67
      /  \       /    \
    11    31   53      80
         /       \     /
       27         59  74
         \         \    \
          29        64   78
                   /
                 62

Preorder : 45 22 11 31 27 29 67 53 59 64 62 80 74 78
Inorder  : 11 22 27 29 31 45 53 59 62 64 67 74 78 80
Postorder: 11 29 27 31 22 62 64 59 53 78 74 80 67 45
```

చేర్చే వరుస మారితే ఆకారం మారవచ్చు. 62ను ముందు, 64ను తర్వాత చేర్చి ఉంటే 62 వెళ్లి 59కి కుడి బిడ్డ అయ్యేది, 64 దాని కుడిన చేరేది. ఇన్‌ఆర్డర్ మాత్రం అదే. అందుకని ప్రశ్నలో సంఖ్యలు ఏ వరుసలో ఇస్తే అదే వరుసలో చేర్చాలి, సౌకర్యం కోసం ముందే చిన్నవి పెద్దవిగా సర్దుకోకూడదు. ఇదే సంఖ్యలు 14 కూడా పెరిగే వరుసలో ఖాళీ చెట్టులో చేర్చి చూడండి. ప్రతిదీ ముందుదానికి కుడి బిడ్డ అయి, 14 మెట్ల ఒంటి గొలుసు తయారవుతుంది. మన చెట్టు 6 మెట్లతో సరిపెట్టుకుంది. 14 సంఖ్యలకు సాధ్యమైన అతి తక్కువ మెట్లు 4.

ఏవీఎల్ ట్రీ పాఠం కూడా చదివినవారికి ఇక్కడ చెయ్యి ఆగదు. 29 చేరగానే 31 దగ్గర ఎడమన రెండు మెట్లు, కుడిన సున్నా. వెంటనే తిప్పి సరిచేయాలనిపిస్తుంది. ప్రశ్నలో ఏవీఎల్ అని గానీ, బ్యాలెన్స్ చేయమని గానీ అడగకపోతే తిప్పకూడదు. మామూలు సెర్చ్ ట్రీ ఎలా ఒరిగినా అలాగే ఉంచాలి. ఉన్న సంఖ్యే మళ్లీ వస్తే, ఉదాహరణకు 53 మరోసారి చేర్చమంటే, కొన్ని పుస్తకాలు వదిలేస్తాయి, కొన్ని కుడికి పంపుతాయి. మీ తరగతిలో ఏది చెప్పారో అది పాటించి, ఆ సంగతి జవాబులో ఒక వాక్యంగా రాయండి.

ల్యాబ్‌లో ఇదే పనిని పైథాన్‌లో రాస్తే ఇంతే ఉంటుంది.

```python
class Node:
    def __init__(self, key):
        self.key = key
        self.left = self.right = None

def insert(node, key):
    if node is None:
        return Node(key)
    if key < node.key:
        node.left = insert(node.left, key)
    elif key > node.key:
        node.right = insert(node.right, key)
    return node
```

ఈ ప్రోగ్రామ్ రెండోసారి వచ్చిన సంఖ్యను వదిలేస్తుంది. ఇందులో పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది `node.left =` అన్న భాగం. అది లేకుండా `insert(node.left, key)` అని మాత్రమే రాస్తే కొత్త నోడ్ తయారవుతుంది, కానీ తండ్రికి అతుక్కోదు. ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రామ్ నిశ్శబ్దంగా ముగుస్తుంది. చేర్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇన్‌ఆర్డర్ ప్రింట్ చేయండి. 62 లాంటి ఎడమ బిడ్డను చేర్చాక కూడా సంఖ్యలు పెరగకపోతే తప్పు ఆ వరుసలోనే ఉంది. మరో తప్పు చివరి `return node` మరచిపోవడం. మొదటి 45 చేరేటప్పుడు ఏమీ తెలియదు. రెండో సంఖ్య చేరగానే ఫంక్షన్ `None` తిరిగి ఇస్తుంది, దాన్ని రూట్‌లో పెట్టుకోవడంతో చెట్టంతా మాయమై ఇన్‌ఆర్డర్ ఖాళీగా వస్తుంది.